అందరినీ నవ్వించేవారికి కబురు ఆఖరున ఎందుకు అందుతుంది?

హోస్ట్: నమస్కారం. హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ చేసే మనస్తత్వ నిపుణురాలు ఇవాళ మనతో ఉన్నారు. మేడమ్, ప్రతి స్నేహబృందంలోనూ చురకలు వేస్తూ నవ్వించేవారు ఒకరుంటారు. వాళ్లు రాకపోతే ఆ పూట చప్పగా ఉంటుంది. అలాంటివారికే స్నేహితులు ఎందుకు దూరమవుతారు?

అతిథి: పెద్ద గొడవ జరిగి విడిపోతారని అనుకుంటాం కదా. నేను చూసినంతలో గొడవేమీ జరగదండీ. కబుర్లు చెప్పడం మానేస్తారు, అంతే. ఒక ఉదాహరణ చెబుతాను. వాళ్ల అనుమతి తీసుకున్నాను, ఆనవాళ్లు మార్చాను. కాలేజీలో కలిసి చదివిన ఆరుగురు. ఇప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలు. శనివారం సాయంత్రం నారాయణగూడ వైపు ఒక ఇరానీ హోటల్లో కలుస్తారు. వాళ్లలో ఒకతను మంచి మాటకారి. ఒకరోజు ఒక అమ్మాయి ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ, “ఈసారి కూడా ఇంటర్వ్యూ పోయింది” అంది. అతను వెంటనే, “ఇంకో రెండుసార్లు వెళ్లు, రోజూ వస్తోంది కదా అని వాళ్లే గుర్తింపు కార్డు ఇచ్చేస్తారు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

హోస్ట్: నాకూ నవ్వొచ్చింది మేడమ్.

అతిథి: వస్తుంది, మాట బాగుంది కాబట్టి. చిక్కంతా అక్కడే. ఆమె నవ్వకపోతే ఏమవుతుంది? “సరదాకి అన్నా కూడా పడదు” అంటారు. అందుకని నవ్వింది. ఆ నవ్వు చూసి అతను ఆమె బాధపడలేదనుకున్నాడు. జస్టిన్ క్రూగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2006లో దీని మీదే ఒక పరిశోధన ప్రచురించారు. ఆటపట్టించేవారికి తమ మనసులో చెడు లేదని తెలుసు. అది అవతలివారికీ తెలుస్తుందనుకుంటారు. కానీ ఆ మాట పడ్డవారికి ఆ మంచి ఉద్దేశం అంతగా కనబడదు. వాళ్లకు వినబడేది మాటే.

హోస్ట్: తర్వాత ఆ అమ్మాయి రావడం మానేసిందా?

అతిథి: లేదు. వచ్చింది, చాయ్ తాగింది, నవ్వింది. కానీ తన సంగతులు చెప్పడం ఆపేసింది. “ఎలా ఉన్నావు?” అంటే “బాగానే ఉన్నాను”. కొన్ని నెలలకు వాళ్ల నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగింది. ఆయన ఇంటికి వచ్చేశాక, “అంకుల్ నడుస్తున్నారా?” అని ఇంకొకరు అడిగితే తప్ప ఇతనికి తెలియలేదు. మిగతా నలుగురూ ఆసుపత్రికి వెళ్లి వచ్చారు. వాళ్లు వేరే వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారని కూడా అప్పుడే తెలిసింది. చాలా నొచ్చుకున్నాడు. “నాకెందుకు చెప్పలేదు?” అని అడిగితే ఆమె, “నువ్వేదో ఒకటి అంటావు. ఆ రోజు వినే ఓపిక లేదు” అంది.

హోస్ట్: అతను ఆసుపత్రి విషయంలో కూడా జోకు వేసేవాడంటారా?

అతిథి: వేసేవాడు కాదని నేను నమ్ముతాను. కానీ ఆమెకు ఆ నమ్మకం లేదు. ప్రతి చిన్న సంగతికీ ఒక చురక తగిలాక, పెద్ద సంగతిని అతని ముందు పెట్టడానికి ఎవరికి మాత్రం ధైర్యం వస్తుంది? ఇంకో గుర్తు కూడా చెప్పాలి. మీరు ఎదురుగా ఉంటే స్నేహితులు తమను తామే ముందుగా వెక్కిరించుకుంటారు. “నాకు తెలుసులే, మళ్లీ లావయ్యానని అంటావు” అంటారు. అది మీ మాట తగలకుండా వాళ్లు ముందే చేయి అడ్డం పెట్టుకోవడం.

హోస్ట్: అంటే స్నేహితులు ఆటపట్టించుకోకూడదా?

అతిథి: అయ్యో, అలా అయితే అది స్నేహమెలా అవుతుంది! ఆలస్యంగా రావడం మీద, బేరమాడటం చేతకాకపోవడం మీద ఎంతైనా అనుకోవచ్చు, అవతలివారు తిరిగి అదే జోరుగా అనగలిగితే. నమ్మి చెప్పుకున్న బాధ మీద, అప్పుడే తెచ్చిన వార్త మీద అనకూడదు. నేను అతనికి ఒక్క పని చెప్పాను. ఎవరైనా తమ సంగతి చెప్పగానే ముందు ఒక ప్రశ్న అడగమన్నాను. “ఇంటర్వ్యూలో ఏం అడిగారు?” చాలు. జోకు తర్వాతైనా వేసుకోవచ్చు.

హోస్ట్: క్షమాపణ చెప్పాడా?

అతిథి: మొదట “సరదాకి అన్నాను, సారీ” అన్నాడు. దానివల్ల తప్పు ఆమెదే అన్నట్టయింది. రెండోసారి ఆమెను విడిగా కలిసి, ఆ గుర్తింపు కార్డు మాటను గుర్తుచేసి, “అది అనకుండా ఉండాల్సింది” అన్నాడు. ఆమె వెంటనే కరగలేదు. కొన్ని వారాలకు కొత్త ఇంటి అద్దె గురించి ఫోన్ చేసి సలహా అడిగింది. ఆ గుంపులో ఇంకొక స్నేహితుడు మాత్రం ఇప్పటికీ అతనితో పొడిపొడిగానే ఉన్నాడు.

హోస్ట్: మరి పక్కన కూర్చుని నవ్వినవాళ్ల సంగతి?

అతిథి: వాళ్ల నవ్వుతోనే అతనికి ఊపు వచ్చింది కదండీ. మందలించనక్కర్లేదు. ఆ మాటకు నవ్వకుండా ఆమె వైపు తిరిగి, “తర్వాత ఏమైంది, చెప్పు” అంటే సరిపోయేది.