పీఎస్5కి హార్డ్ డ్రైవ్ పెట్టినా గుర్తుపట్టట్లేదా? పోర్టు, కేబుల్, ఫార్మాట్ ఈ వరసలో చూడండి

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఇవాళ నా టేబుల్ మీద ఉన్నది మా మేనల్లుడి డ్రైవ్. ఇదిగో, 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్. ల్యాప్‌టాప్‌కి పెడితే చక్కగా ఓపెన్ అవుతుంది, లోపల సినిమాలూ కాలేజీ ఫోల్డర్లూ అన్నీ కనిపిస్తాయి. పీఎస్5కి పెడితే మాత్రం గేమ్స్ పెట్టుకునే స్టోరేజ్‌గా తీసుకోవట్లేదు. "మామయ్యా, డిస్క్ పోయినట్టుంది, కొత్తది కొనేస్తా" అన్నాడు. ఆగరా బాబూ అన్నాను. డిస్క్ ఏం పోలేదు. చూద్దాం రండి.

ముందు ఒక్క మాట, లేకపోతే చివర్లో నన్ను తిట్టుకుంటారు. యూఎస్‌బీ డ్రైవ్ మీద నుంచి పీఎస్4 గేమ్స్ డైరెక్ట్‌గా ఆడొచ్చు. పీఎస్5 గేమ్స్ దాంట్లో దాచుకోవచ్చు, అంతే, దాని మీద నుంచి ఆడలేం. 2021 ఏప్రిల్ అప్‌డేట్‌తో ఈ దాచుకోవడం వచ్చింది. ఆడాలంటే మళ్ళీ కన్సోల్ లోపలికి తెచ్చుకోవాలి. పీఎస్5 గేమ్ ఆడేంత స్టోరేజ్ పెంచాలంటే లోపల బిగించే ఎం.2 ఎస్‌ఎస్‌డీ కావాలి, అది వేరే కథ, ఇవాళ దాని జోలికి వెళ్ళం.

మరి దాచుకోవడం వల్ల లాభమేంటి అంటారా? 50 జీబీ గేమ్ ఒకటుందనుకోండి. మీ నెట్ 100 ఎంబీపీఎస్ అయితే మళ్ళీ డౌన్‌లోడ్‌కి గంట పైనే పడుతుంది. అదే డ్రైవ్‌లో ఉంటే, సెకనుకి 100 ఎంబీ చొప్పున లెక్కేసినా తొమ్మిది నిమిషాల్లోపే. కాస్త అటూ ఇటూ అయినా డౌన్‌లోడ్ కన్నా చాలా నయం. డిలీట్ చేసి మళ్ళీ దించుకునే పని తప్పుతుంది.

సరే, సైజ్. తక్కువలో తక్కువ 250 జీబీ ఉండాలి, ఎక్కువలో ఎక్కువ 8 టీబీ. 128 జీబీ పెన్‌డ్రైవ్ తెచ్చి పెడితే అది ఎంత మంచి పెన్‌డ్రైవ్ అయినా గేమ్స్‌కి తీసుకోదు. మనవాడిది 2 టీబీ, సైజ్ ఓకే. నెక్స్ట్.

పోర్టు. కన్సోల్ తిప్పుతున్నా, చూడండి. ఇది 2020లో వచ్చిన పాత మోడల్. ముందు రెండు పోర్టులు ఉన్నాయి. ఈ ఓవల్‌గా ఉన్న చిన్నది సీ-టైప్, ఇది ఫాస్ట్. దీని పక్కన మామూలు ఏ-టైప్ ఉంది చూశారా? ఇదే మోసం చేసేది. ఇది యూఎస్‌బీ 2.0. కంట్రోలర్ ఛార్జింగ్‌కి చాలు, గేమ్స్ డ్రైవ్‌కి చాలదు. కన్సోల్ అడిగేది కనీసం సూపర్‌స్పీడ్ 5 జీబీపీఎస్, అంటే మనం యూఎస్‌బీ 3.0 అనుకునేది. చేతికి అందేది ముందు పోర్టే కాబట్టి అందరూ ఇందులోనే పెడతారు. మనవాడూ ఇందులోనే పెట్టాడు.

వెనక చూడండి, ఇవి రెండూ ఏ-టైపే, రెండూ ఫాస్ట్. ఇక్కడ పెట్టాలి. స్లిమ్ మోడల్ ఉన్నవాళ్ళకి ముందు రెండూ సీ-టైపే ఉంటాయి, కానీ రెండూ ఒకటి కాదు, ఒకటి ఫాస్ట్, ఒకటి 2.0. ఏది ఏదని గుర్తుపెట్టుకునే గోల ఎందుకు, ఏ మోడల్ అయినా వెనక పెట్టేయండి. టీవీ స్టాండ్ వెనక చెయ్యి దూరదని కొంతమంది హబ్ కొని దానికి పెడతారు. వద్దు. హబ్ ద్వారా పెడితే గేమ్స్ స్టోరేజ్‌గా తీసుకోదు. ఇంకోటి, ఒకేసారి రెండు గేమ్ డ్రైవ్‌లు పెట్టడం కూడా కుదరదు. పాత డ్రైవ్ ఒకటి వెనకే వేలాడుతూ ఉంటే ముందు దాన్ని తీసేయండి.

వెనక పెట్టాను. లైట్ వెలిగింది. స్క్రీన్ చూద్దాం... ఊహూఁ. ఇంకా అదే.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఈ వీడియో మొత్తంలో నేను నిదానంగా చెప్పేది ఇదొక్కటే, ఎందుకంటే నన్ను తిప్పలు పెట్టింది కూడా ఇదే. కేబుల్.

డ్రైవ్ వైపు సాకెట్ చూపిస్తా, కెమెరా దగ్గరికి తెస్తున్నా. వెడల్పుగా ఉంది, మధ్యలో చిన్న గాడి, రెండు ముక్కలుగా కనిపిస్తోంది కదా? దీన్ని మైక్రో-బి అంటారు, 3.0 డ్రైవ్‌లకి వచ్చేది. ఇప్పుడు ఈ రెండు ముక్కల్లో పెద్ద ముక్క చూడండి. అది అచ్చంగా పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఛార్జర్ పిన్ సైజే! అంటే పాత ఫోన్ ఛార్జింగ్ కేబుల్ తెచ్చి ఆ సగంలో గుచ్చితే పట్టేస్తుంది. గట్టిగా కూర్చుంటుంది, లైట్ వెలుగుతుంది, డిస్క్ తిరుగుతుంది, ల్యాప్‌టాప్‌లో ఓపెన్ కూడా అవుతుంది. కానీ నడిచేది 2.0 స్పీడ్‌లోనే. ఆ మిగతా సగం ఖాళీగా ఉంది చూశారా, సూపర్‌స్పీడ్ తీగలు ఉండేది అక్కడే. పీఎస్5 మీరు ఏ పోర్టులో పెట్టారన్నది ఒక్కటే చూడదు, డ్రైవ్ ఏ స్పీడ్‌లో కనెక్ట్ అయిందో చూస్తుంది. పోర్టు ఫాస్ట్, డ్రైవ్ ఫాస్ట్, మధ్యలో కేబుల్ స్లో. ఇంకేముంది, కుదరదు అంటుంది.

మనవాడి ఒరిజినల్ కేబుల్ ఎక్కడుందని అడిగితే హాస్టల్‌లో పోయిందట. చేతికి దొరికిన ఫోన్ కేబుల్ వాడుతున్నాడు. ఇదిగో ఆ కేబుల్.

సీ-టైప్ డ్రైవ్‌లు ఉన్నవాళ్ళకి ఇది ఇంకా కష్టం, ఎందుకంటే బయటికి తేడా కనపడదు. ఫోన్‌తో వచ్చిన సీ-టైప్ కేబుల్స్ చాలావాటిలో 2.0 తీగలే ఉంటాయి. ఎలా కనిపెట్టాలి? ఏ-టైప్ చివర ఉంటే లోపలికి చూడండి. 2.0 అయితే నాలుగు బంగారు రంగు పట్టీలే కనిపిస్తాయి. 3.0 అయితే వాటి వెనక ఇంకో ఐదు చిన్నవి ఉంటాయి, మొత్తం తొమ్మిది. లోపలి ప్లాస్టిక్ నీలం రంగులో ఉండటం, పక్కన ఎస్‌ఎస్ అని ఉండటం కూడా గుర్తే, కానీ రంగుని నమ్మకండి, పట్టీలు లెక్కపెట్టండి. ఫోన్ టార్చ్ వేసుకుని చూస్తే తెలిసిపోతుంది.

కంటికి ఆనకపోతే నేను చేసేది చెప్తా. ల్యాప్‌టాప్‌లో 3.0 పోర్టుకి పెట్టి, 5 జీబీ సినిమా ఫైల్ ఒకటి డ్రైవ్‌లోకి కాపీ కొడతా. సెకనుకి 40 ఎంబీ దగ్గర అతుక్కుపోతే అది 2.0 కేబులే. 100 అటూ ఇటూ పోతుంటే కేబుల్ బాగున్నట్టు. ఇదిగో ఫోన్ కేబుల్‌తో... 36, 37, 36. ఇప్పుడు నా కేబుల్ మారుస్తున్నా... 112. అర్థమైంది కదా.

మంచి కేబుల్‌తో మళ్ళీ వెనక పోర్టుకి. ఆగండి... వచ్చింది! ఫార్మాట్ చేస్తావా అని అడుగుతోంది. అడగకపోతే మీరే వెళ్ళండి, `Settings`, `Storage`, `USB Extended Storage`, అందులో `Format as USB Extended Storage`. ఇప్పుడే నొక్కకండి! ఇందులో ఉన్నదంతా పోతుంది. సినిమాలు, ఫోటోలు, కాలేజీ ఫోల్డర్లు, మొత్తం. మనవాడివి ముందే ల్యాప్‌టాప్‌లోకి తీశాను.

ఫార్మాట్ గురించి ఒక గందరగోళం ఉంది. ల్యాప్‌టాప్‌లో NTFS చెయ్యాలా, exFAT చెయ్యాలా అని అడుగుతుంటారు. గేమ్స్ కోసమైతే ఏదీ అక్కర్లేదు, కన్సోల్ తన పద్ధతిలో తనే చేసుకుంటుంది. పీఎస్4 గేమ్స్ సేవ్ ఫైళ్ళు, స్క్రీన్‌షాట్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకునేటప్పుడు మాత్రం exFAT గానీ FAT32 గానీ ఉండాలి, NTFS ని అది చదవదు. అవి వేరు, ఇది వేరు. గేమ్స్‌కి ఫార్మాట్ అయ్యాక ఈ డిస్క్ విండోస్‌కి అర్థం కాదు. ల్యాప్‌టాప్‌కి పెడితే ఫార్మాట్ చెయ్యమనో ఇనిషియలైజ్ చెయ్యమనో అడగొచ్చు, క్యాన్సిల్ కొట్టండి. ఒకే డిస్క్‌లో సగం సినిమాలు సగం గేమ్స్ అనే ఆశ వదిలేయండి. ఇంతకుముందు పీఎస్4లో గేమ్స్‌కి వాడిన డ్రైవ్ అయితే మాత్రం ఫార్మాట్ అక్కర్లేదు, తెచ్చి పెట్టుకోవడమే.

కేబుల్ మంచిదే, పోర్టు సరైనదే, అయినా ఫార్మాట్ కుదరట్లేదంటే, డిస్క్‌లో పాత పార్టిషన్లు ఏవో మిగిలి ఉండొచ్చు. రికవరీ పార్టిషన్, లినక్స్ ఎక్కించిన ముక్క, అలాంటివి. అప్పుడు విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి:

```
diskpart
list disk
select disk 2
clean
create partition primary
format fs=exfat quick
exit
```

ఆ 2 అనేది నా ల్యాప్‌టాప్‌లో నంబర్, మీ దాంట్లో వేరే ఉంటుంది. `list disk` కొట్టాక సైజ్ చూడండి, 2 టీబీ డిస్క్ ఇక్కడ 1863 జీబీ అని కనిపిస్తుంది. నంబర్ తప్పు కొట్టి `clean` అన్నారంటే మీ ఇంకో డిస్క్ ఏదో ఖాళీ అయిపోవచ్చు, మళ్ళీ అడగదు కూడా. నేనైతే డ్రైవ్ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి `list disk` కొడతా. రెండోసారి ఏది కొత్తగా వచ్చిందో అదే మనది.

మనకి ఆ అవసరం పడలేదు. ఫార్మాట్ కొడుతున్నా... ఓకే, ఓకే, అయిపోయింది.

ఇప్పుడు `Settings`, `Storage`, `Installation Location`. ఇక్కడ పీఎస్4 గేమ్స్ దానికదే ఈ డ్రైవ్‌లోకే వెళ్ళేలా పెట్టుకోండి, అవి ఎలాగూ ఇక్కడి నుంచే ఆడొచ్చు కాబట్టి లోపలి స్టోరేజ్ మిగులుతుంది. ఉన్న గేమ్ జరపాలంటే హోమ్ స్క్రీన్‌లో గేమ్ మీద నిలబడి ఆప్షన్స్ బటన్ నొక్కితే చాలు, అదే మెనూలో వస్తుంది. నాకు సెట్టింగ్స్‌లోంచి వెళ్ళే దారి నచ్చదు, కానీ నాలుగైదు గేమ్స్ ఒకేసారి జరపాలంటే మాత్రం అదే బెటర్, ఇదిగో ఇలా టిక్కులు పెట్టుకుంటూ పోవచ్చు.

గోడకి ఎడాప్టర్ పెట్టుకునే పెద్ద డెస్క్‌టాప్ డిస్కులు వాడేవాళ్ళు ఆ ఎడాప్టర్ తప్పనిసరిగా పెట్టండి, కన్సోల్ ఇచ్చే కరెంట్ వాటికి సరిపోదు. చిన్న పోర్టబుల్ డిస్క్ కూడా టిక్ టిక్ అని కొట్టుకుంటూ ఆగి మళ్ళీ మొదలవుతుంటే, పొడుగు ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఏదైనా ఉందేమో చూసి తీసేయండి. అయినా కొట్టుకుంటూనే ఉంటే ఇంకో కంప్యూటర్‌లో కూడా పెట్టి చూడండి, అక్కడా అదే శబ్దం వస్తే అప్పుడు డిస్కునే అనుమానించాలి.

తీసేటప్పుడు ఊరికే లాగకండి. `USB Extended Storage` లోనే `Safely Remove from PS5` అని ఉంటుంది, అది నొక్కి, ఓకే అన్నాక తీయండి. రెస్ట్ మోడ్‌లో ఉన్నప్పుడు లాగడం కూడా లాగడమే. మళ్ళీ ఆన్ చేస్తే డ్రైవ్ రిపేర్ అంటూ మొదలుపెడుతుంది, డిస్క్ పెద్దదైతే అది చాలాసేపు పడుతుంది.