రాత్రి ఒంటిగంటన్నరకు వచ్చిన మెసేజ్‌కి జవాబు ఎప్పుడు, ఎలా?

(స్టూడియో చర్చ అక్షర రూపం. పాల్గొన్నవారు: యాంకర్, ఒక కౌన్సెలర్, ఒక మానసిక వైద్యుడు.)

యాంకర్: నమస్కారం. ఒక ప్రేక్షకుడు పంపిన ఉత్తరం ముందు చదువుతాను. ఆయనా, ఆయన స్నేహితుడూ ఒకే పార్టీలో తాగారు. ఎవరింటికి వాళ్లు వెళ్లాక, రాత్రి ఒకటిన్నరకి స్నేహితుడి నుంచి మెసేజ్ వచ్చింది. "నువ్వు మారిపోయావురా. నాన్న పోయినప్పుడు మూడో రోజు వచ్చావు. అందరి ముందు నన్ను అప్పులోడు అన్నావు. నీ లెక్కలో నేనెప్పుడూ లేను." ఈయన అప్పటికప్పుడు "నువ్వు మాత్రం" అని మొదలుపెట్టి, ఆపేశారట. తెల్లారాక ఏం రాయాలో తెలియడం లేదంటున్నారు. మేడమ్, మీరు చెప్పండి.

కౌన్సెలర్: ఆపేయడం చాలా మంచి పని. "నువ్వు మాత్రం" తర్వాత ఏం వస్తుందో మనందరికీ తెలుసు. ఆయన కూడా మత్తులోనే ఉన్నారు కదా, తన పాత కోపాలన్నీ వరసగా బయటికి వచ్చేవి. అప్పుడు మర్నాడు చూసుకోవాల్సినవి రెండు మెసేజ్‌లు అయ్యేవి.

యాంకర్: డాక్టర్ గారూ, తాగినప్పుడు నిజమే బయటికొస్తుంది అంటారు. అంటే అతని మనసులో ఉన్నది ఇదేనా?

వైద్యుడు: సగమే ఒప్పుకుంటాను. 1990లో క్లాడ్ స్టీల్, రాబర్ట్ జోసెఫ్స్ అనే మనస్తత్వవేత్తలు దీని మీద ఒక ముఖ్యమైన వ్యాసం రాశారు. మత్తులో మనిషి చూపు ఇరుకైపోతుందని వాళ్ల వాదన. కళ్లెదుట ఉన్న ఒక్క విషయమే కొండంత కనిపిస్తుంది, దాన్ని తూచే మిగతా విషయాలు గుర్తుకు రావు. అంటే మూడో రోజు వచ్చాడన్న బాధ కల్పితం కాకపోవచ్చు. కానీ తర్వాత ఈయన నెలల తరబడి తోడుండి ఉంటే, ఆ సంగతి ఆ రాత్రి అతనికి తట్టి ఉండదు. బాధ ఉండటం నిజం, ఆ రాత్రి అది కనిపించిన సైజు మాత్రం మత్తుది.

కౌన్సెలర్: అందుకే ఆ మెసేజ్‌ని విడదీసి చదవమంటాను. అందులో జరిగిన సంఘటనలు రెండున్నాయి, మూడో రోజు రావడం, అప్పులోడు అనడం. మొదటి వాక్యం, చివరి వాక్యం సంఘటనలు కావు, తీర్పులు. "నీ లెక్కలో నేనెప్పుడూ లేను" అన్నదానికి ఎవరు మాత్రం ఏం జవాబు చెప్పగలరు? "ఉన్నావు" అంటే "లేను" అంటాడు. తీర్పుతో వాదించకుండా సంఘటనకి జవాబు చెప్పాలి. అది కూడా రెండింటిలో ఒక్కదానికే. నాన్నగారి విషయం బరువైనది కాబట్టి అక్కడ మొదలుపెట్టాలి.

యాంకర్: తెల్లారగానే రాయొచ్చా?

వైద్యుడు: వద్దు. ఒక చిన్న పెగ్గు ఒంట్లోంచి పోవడానికి ఇంచుమించు గంట పడుతుంది. పడుకున్నా, కాఫీ తాగినా అది త్వరపడదు. ఒంటిగంట దాకా 6 పెగ్గులు తాగిన వాడికి పొద్దున 6 గంటలకి కూడా రక్తంలో ఆల్కహాల్ ఉండే అవకాశం ఉంది. అది పూర్తిగా దిగిపోయే వేళకే హ్యాంగోవర్ ముదురుతుంది. మత్తు తొక్కిపెట్టిన నరాలు ఒక్కసారిగా ఎగదన్నడంతో గుండెదడ, భయం, ఊరికే టెన్షన్. ఆ స్థితిలో ఎంత మంచి మాట చదివినా నిష్ఠూరంలాగే వినిపిస్తుంది. మధ్యాహ్నం దాటాక రాయండి. రాసే ఈయన కూడా తాగారు కాబట్టి ఇదే లెక్క ఆయనకీ వర్తిస్తుంది.

కౌన్సెలర్: అలాగని మూడు రోజులు ఊరుకోకూడదు. నీలం టిక్కులు కనిపిస్తుంటాయి కదా, మౌనాన్ని అతను కోపం కిందే జమకట్టుకుంటాడు.

యాంకర్: సరే, మధ్యాహ్నం అయింది. ఏం రాయాలి?

కౌన్సెలర్: నేనైతే ఇలా రాయమంటాను. "నువ్వు రాత్రి పంపింది చదివాను. కొంచెం బాధేసింది, కానీ నీకు దూరం కావాలని లేదు. నాన్నగారి విషయం నీ నోటితో వినాలి. ఇవాళ రెస్ట్ తీసుకో, రేపు సాయంత్రం ఫోన్ చేయనా?" ఇంతే. ఇందులో క్షమాపణ లేదు, సంజాయిషీ లేదు. ఆ రెండూ ఫోన్‌లోనే. బాధ కలగకపోతే ఆ ముక్క తీసేయండి. బాధ కలిగి కూడా "నేనేం అనుకోలేదులే" అని మాత్రం రాయకండి, మర్నాడు మీ గొంతే మిమ్మల్ని పట్టిస్తుంది.

వైద్యుడు: "తాగి ఉన్నావులే, వదిలేయ్" అనడం పెద్ద మనసులా కనిపిస్తుంది. కానీ అతను ఎన్నాళ్లో దాచుకుని చెప్పిన మాటని చెత్తబుట్టలో వేసినట్టే. ఇంకొకటి, "రాత్రి ఏం రాశావో గుర్తుందా?" అని అడగొద్దు. ఎక్కువ తాగినప్పుడు మెదడు కొత్త జ్ఞాపకాలను దాచుకోలేదు. మనిషి టైప్ చేస్తూనే ఉంటాడు, పొద్దున ఆ సంగతే తెలియదు. నిజంగా గుర్తులేని వాణ్ని నిలదీస్తే సిగ్గుతో ఎదురుదాడికి దిగుతాడు.

యాంకర్: పొద్దున్నే అతనే ఆ మెసేజ్ డిలీట్ చేసేస్తే?

వైద్యుడు: నన్నడిగితే ఒకటి రెండు రోజులు చూడమంటాను. డిలీట్ చేయడమంటే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పడమే.

కౌన్సెలర్: నేను ఒప్పుకోను డాక్టర్ గారూ. చదివాడో లేదో తెలియక అతను నలిగిపోతుంటాడు. చదివి చదవనట్టు ఉంటే ఇద్దరి మధ్యా నటన మొదలవుతుంది. "నువ్వు తీసేసేలోపే చదివాను, మాట్లాడాలనిపిస్తే నేనున్నాను" అనాలి. ఒక్కసారి చెప్తే చాలు, వెంటపడకూడదు.

వైద్యుడు: వెంటపడకూడదన్న షరతు ఉంది కాబట్టి సరే.

యాంకర్: ఇక ఫోన్ కలిసింది. అక్కడ ఎక్కడ చెడుతుంది?

కౌన్సెలర్: తేదీల దగ్గర. "మూడో రోజు కాదురా, రెండో రోజు సాయంత్రమే వచ్చాను" అన్నారంటే మాట అక్కడే తెగిపోతుంది. ఈయన చెప్పేది నిజమే కావచ్చు. అయినా అతను చెప్పేది తేదీ కాదు, ఆ మొదటి రోజు వాకిట్లోకి ఎవరొచ్చినా నువ్వేనేమోనని చూశానని. అందుకని ముందు "ఆ రోజు ఎలా గడిచింది?" అని అడిగి వినాలి. అతను పూర్తిగా చెప్పాక ఈయన తన కారణం చెప్పొచ్చు, రెండు వాక్యాల్లో. ఆ తర్వాత "ఆ మొదటి రోజు నీ పక్కన లేను. నన్ను క్షమించు" అనాలి. "నువ్వు హర్ట్ అయి ఉంటే సారీ" అనకూడదు. అతను హర్ట్ అయ్యాడనే కదా చెప్తున్నాడు!

యాంకర్: మరి ఈయన మనసులో ఉన్నవి? ఆ "నువ్వు మాత్రం"?

కౌన్సెలర్: అవి కూడా చెప్పాల్సినవే, కానీ ఆ ఫోన్‌లో కాదు. అదే రోజు చెప్తే బదులు తీర్చుకున్నట్టు ఉంటుంది. కొన్ని వారాలు ఆగి, వాటికోసమే విడిగా కూర్చోవాలి.

వైద్యుడు: తాగుడు సంగతి కూడా ఆ ఫోన్‌లో ఎత్తొద్దు. ఇలాంటి మెసేజ్‌లు తరచూ వస్తుంటే మాత్రం అది వేరే సమస్య, దాన్ని ఇంకోరోజు సూటిగా మాట్లాడాలి. ఒక్క విషయం గట్టిగా చెప్తాను. ఆ మెసేజ్‌లో "బతకాలని లేదు" లాంటి మాట ఒక్కటున్నా ఇందాకటి లెక్కలేవీ పనికిరావు. ఆ అర్ధరాత్రే ఫోన్ చేయండి. ఎత్తకపోతే అతని ఇంట్లో వాళ్లని లేపండి.

యాంకర్: ఆఖరి ప్రశ్న. మాట్లాడదామని రాస్తే అతను "అబ్బే, ఏం లేదులేరా" అని దాటేస్తే?

కౌన్సెలర్: "సరే" అనేయాలి. కానీ నాన్నగారి విషయంలో క్షమాపణ చెప్పడానికి అతను తలుపు తీయాలని లేదు కదా. నాలుగు రోజులాగి ఆ ఒక్కటి రాసి పంపొచ్చు, "దీనికి జవాబు ఇవ్వక్కర్లేదు" అని కింద చేర్చి.