గ్రూపు ఎంచుకునే ముందు: పదో తరగతికి తొంభై నిమిషాల సెషన్

(ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయుల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పదో తరగతి పిల్లలకు కెరీర్ గైడెన్స్ అనగానే మన బడుల్లో జరిగేది ఏమిటో మీకు తెలుసు. గోడకు వంద ఉద్యోగాల చార్టు తగిలిస్తాం. ఎవరో ఒక కాలేజీ లెక్చరర్‌ను పిలుస్తాం. ఆయన గంటసేపు మాట్లాడి, చివర్లో తన కాలేజీ కరపత్రం పంచి వెళ్తాడు. పిల్లలు మాత్రం ఇంటికెళ్లి, పక్కింటి అన్న ఏ గ్రూపు తీసుకుంటే తామూ అదే రాసుకుంటారు. అందుకే ఉద్యోగాల జాబితా పక్కన పెట్టి, ఇంటర్ మొదటి ఏడాది పుస్తకం చుట్టూ నడిచే ఒక సెషన్ మీ ముందు పెడుతున్నాను.

మొదట ఎప్పుడు పెట్టాలో చూద్దాం. ఫలితాలు వచ్చాక పెడితే ఆలస్యమే. సంక్రాంతికి చుట్టాలు ఇంటికొస్తారు, కాలేజీల పీఆర్వోలు ఫోన్లు మొదలుపెడతారు, అడ్వాన్సు కట్టేస్తే తక్కువ ఫీజు అంటారు. కాబట్టి సెలవులకు ముందే అయిపోవాలి. గదిలో నలభై మందికి మించకూడదు, ఎక్కువుంటే రెండు సెషన్లు చేయండి. తల్లిదండ్రుల్లో ఒకరైనా చివరి పావుగంటకు రావాలి. వాళ్లు రాకపోతే, పిల్లవాడు రాసుకున్న కాగితం ఆ సాయంత్రమే ఇంట్లో చెల్లని చీటీ అవుతుంది.

కావలసినవి తక్కువే. పిల్లలకు తలా ఒక తెల్లకాగితం. ఇంటర్ మొదటి ఏడాది పుస్తకాల నుంచి మూడు పేజీల జిరాక్సు: గణితంలో ప్రమేయాల మొదటి పేజీ, వృక్షశాస్త్రంలో పుష్పం భాగాల పేజీ, కామర్స్‌లో చిట్టా పద్దుల పేజీ. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి మొదటి ఏడాది గణితం ఒకే పేపరు, వృక్ష, జంతుశాస్త్రాలు కలిపి జీవశాస్త్రం అయ్యాయి. కాబట్టి పాత పుస్తకం జిరాక్సు తీయకండి.

మొదటి అరగంట తలుపుల సంగతి. ఏ గ్రూపు ఏ తలుపు మూస్తుందో బోర్డు మీద రాయండి. తెరిచేవి చెప్పడం సులువు, పిల్లలకు తెలియనివి మూసుకునేవి. సీఈసీ తీసుకుంటే ఇంజనీరింగ్, వైద్యం రెండూ మూసుకుంటాయి. గణితం లేని బైపీసీ తీసుకుంటే ఆర్కిటెక్చర్, ఎన్డీఏలో వైమానిక, నౌకాదళ విభాగాలు పోతాయి. ఎన్డీఏలో ఆర్మీ విభాగానికైతే ఏ గ్రూపైనా సరే. సీఏ, న్యాయవిద్యకు ఏ గ్రూపు నుంచైనా వెళ్లవచ్చు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ ఆనర్స్ కావాలంటే పన్నెండులో గణితం చదివి ఉండాలి. అంటే అక్కడ ఎంఈసీకి ఉన్న దారి సీఈసీకి లేదు.

ఇది చూసి తెలివైన పిల్ల ఒకతి లేచి, 'అయితే ఎంపీసీయే తీసుకుంటే అన్నీ తెరిచే ఉంటాయి కదా, టీచర్' అంటుంది. వైద్యం, వ్యవసాయం తప్ప మిగతా విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. కానీ తలుపు తెరిచి ఉండటం వేరు, ఆ గుమ్మం దాటగలగడం వేరు. ఈఏపీసెట్ ఇంజనీరింగ్‌లో 160 ప్రశ్నలుంటే వాటిలో 80 గణితమే. గణితం అంటే వణికే పిల్లకు తెరిచిన తలుపు వల్ల లాభం లేదు. ఇక్కడే రెండో భాగం మొదలవుతుంది.

రెండో భాగానికి అరగంట. మూడు పేజీలకు తలా పది నిమిషాలు. అయిదు నిమిషాలు మీరు చదివి వినిపించండి, అయిదు నిమిషాలు పిల్లలు సొంతంగా ఒక చిన్న పని చేయాలి: గణితంలో ఒక లెక్క, వృక్షశాస్త్రంలో బొమ్మకు పేర్లు, కామర్స్‌లో మూడు లావాదేవీలకు పద్దు. తర్వాత 'అర్థమైందా' అని అడగకండి. అందరూ అయిందనే అంటారు. 'దీని తర్వాతి పేజీ ఎవరూ చెప్పకుండా తిప్పుతావా' అని అడిగి, అవును కాదు అని కాగితం మీద రాయించండి. వృక్షశాస్త్రం పేజీ దగ్గర పిల్లలు సరదాగా బొమ్మ వేసి, రెండు పేర్లు రాయగానే విసుగుపడటం చూస్తారు. బయాలజీ ఇష్టం అనుకోవడానికి, పేర్లు పొద్దస్తమానం బట్టీ పట్టడానికి మధ్య ఉన్న దూరం అప్పుడే తెలుస్తుంది.

పదో తరగతి మార్కులు ఇక్కడ మోసం చేస్తాయి. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఒకే పేపర్లో కలిసి ఉంటాయి, ఒకటి బాగుంటే రెండోది దాక్కుంటుంది. అప్పటికి రాసిన చివరి పరీక్ష జవాబుపత్రం తీసి, రెంటి మార్కులు విడిగా కూడించండి.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో ఒక లెక్కతో చూపిస్తాను. ఒకమ్మాయి అనుకోండి. జీవశాస్త్రంలో 91 శాతం, భౌతిక, రసాయనాల పేపర్లో 64 శాతం, గణితంలో 62 శాతం. గణితం తప్పించుకోవాలని, ఇంట్లో డాక్టర్ అనే మాట ఉందని బైపీసీ అంటోంది. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. జీవశాస్త్రం 90, భౌతికం 45, రసాయనం 45. సరైనదానికి 4 వస్తాయి, తప్పుకు 1 పోతుంది. ఆమె అన్నీ రాసి జీవశాస్త్రంలో 80 సరి, 10 తప్పు చేసిందనుకుందాం: 310. భౌతికంలో 15 సరి, 30 తప్పు: 30. రసాయనంలో 20 సరి, 25 తప్పు: 55. మొత్తం 395. పోయిన 325 మార్కుల్లో జీవశాస్త్రంలో పోయినవి 50 మాత్రమే, మిగిలిన 275 భౌతిక, రసాయనాల్లోనే పోయాయి. పైగా బైపీసీ భౌతికశాస్త్రంలో సదిశలు, అవకలనం తప్పవు, వాటిని నేర్పే గణితం పీరియడ్ మాత్రం ఉండదు. గణితం తప్పించుకున్నానని అనుకున్న పిల్ల, దాన్ని సాయం లేకుండా మోస్తుంది.

అలాగని ఆమెను బైపీసీ మాన్పించమని కాదు. వృక్షశాస్త్రం పేజీకి 'అవును' రాసిందంటే గ్రూపు సరైనదే. ఆమె కాగితంలో మూడు వరుసలు ఉండాలి. మొదటిది నీట్. రెండోది ఈఏపీసెట్ ద్వారా వ్యవసాయం, ఫార్మసీ. అక్కడా 160లో సగం భౌతిక, రసాయనాలే అని పక్కనే రాయాలి. మూడో వరుస ప్రవేశపరీక్ష అక్కరలేనిది: ఇంటర్ మార్కులతో, తెలంగాణలో అయితే దోస్త్ ద్వారా, డిగ్రీ సీటు. మూడో వరుస ఖాళీగా ఉన్న కాగితాన్ని తీసుకోకండి. దానికింద ఒక పని రాయించండి: పదో పరీక్షలయ్యాక వేసవిలో సదిశలు, త్రికోణమితి ఎవరి దగ్గర చూస్తుంది, ఎన్ని రోజులు.

కామర్స్ వైపు వెళ్లేవాళ్లకూ ఇలాంటి దాగిన మెట్టు ఉంది. సీఈసీలో గణితం లేదు కదా అని సంబరపడి సీఏ అనేవాళ్లకు, ఫౌండేషన్ నాలుగు పేపర్లలో మూడోది గణితం, తర్కం, గణాంకాలని చెప్పండి. ప్రతి పేపర్లో 40, మొత్తం మీద 50 శాతం రావాలి.

కాగితం నింపడానికి పావుగంట, తల్లిదండ్రులతో పావుగంట. వాళ్ల ముందు మీరు తీర్పు చెప్పకండి, పిల్లే తన కాగితం చదవాలి. మీరు అందించాల్సింది ఒక్క విషయమే: పాలిటెక్నిక్. పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఈసెట్‌తో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. చేతిపని ఇష్టపడే పిల్లల ఇళ్లలో ఈ దారి తెలియకే ఎంపీసీకి తోస్తారు.

కాగితాన్ని రెండు కాపీలు చేసి ఒకటి బడిలో ఉంచండి. ఫలితాలొచ్చిన వారంలో పిల్లను పిలిచి దాన్ని తెరవండి. పేజీకి 'కాదు' రాసిన గ్రూపులోనే చేరబోతున్న పిల్లలు ఎవరో ముందు చూడండి, వాళ్లతో ఇంకోసారి కూర్చోండి.