పదిహేడు రూపాయల డెబ్బై పైసలు

(అనంతపురం పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, పెద్దలకు నమస్కారం. నన్ను డిజిటల్ బ్యాంకింగ్ మీద మాట్లాడమన్నారు. నేను మాత్రం మా పెద్దమ్మ పాస్‌బుక్కు గురించి మాట్లాడతాను. ఏమనుకోకండి.

ఆమెది శింగనమల వైపు పల్లె. ఉపాధి కూలి డబ్బులు ఆ ఖాతాలోనే పడతాయి. మూడు నెలలకోసారి 17.70 పోతోంది. ఎస్సెమ్మెస్ చార్జీ 15, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఏడాదికి 70.80 అయింది. ఏటీఎం కార్డుకు ఏటా 200, జీఎస్టీతో 236. మొత్తం 306.80. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307. అంటే ఒక రోజంతా ఎండలో ఆమె మట్టి మోసింది బ్యాంకు కోసమేనప్పా! ఆ కార్డు కవరు కూడా విప్పలేదు. మెసేజీలు పోయేదేమో మనవడు ఎప్పుడో పారేసిన సిమ్ముకు. ఖాతాలో డబ్బు లేనప్పుడు చార్జీ బాకీగా నిలిచి, కూలి పడగానే కోసుకుంది.

బ్రాంచికి పోతే కౌంటర్లో ఏమన్నారో తెలుసా? "కార్డు వాపసిస్తే ఖాతా ఆగిపోతుందమ్మా" అన్నారు. ఇప్పటికీ నాకు మండుతుంది. కార్డు లేకపోయినా ఖాతా నడుస్తుంది, కూలి పడుతుంది, విత్‌డ్రాయల్ ఫారంతో డబ్బు తీసుకోవచ్చు.

మేం కార్డు వాపసు గొడవ వదిలేసి, "నా ఖాతాను బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చండి" అని కాగితం రాసిచ్చాం. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకున్నాం. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఈ ఖాతాకు కనీస నిల్వ అక్కర్లేదు, ఏటీఎం కార్డుకు వార్షిక రుసుము లేదు, నెలకు కనీసం 4 సార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. జన్‌ధన్ ఖాతా కూడా ఇదే రకం. ఒక షరతు ఉంది: అదే బ్యాంకులో మీకు మరో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు.

మీలో చాలామందికి ఇది కుదరదు, నాకు తెలుసు. మీరు వాడని కార్డును రాతపూర్వకంగా రద్దు చేయించండి. జాయింట్ ఖాతాలో భార్యాభర్తలకు రెండు కార్డులుంటే రెండింటికీ రుసుము పడుతుంది, చూసుకోండి. బ్యాంకు మీకు కార్డు ఇచ్చిన నెల మళ్లీ రాకముందే పోతే మంచిది, రుసుము సాధారణంగా ఏటా ఆ నెలలోనే పడుతుంది.

ఎస్సెమ్మెస్‌ల దగ్గర మాత్రం తొందరపడకండి. ఎవడైనా డబ్బు కాజేస్తే మీకు తెలిసేది వాటి వల్లే. మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేని మోసాన్ని, కబురందిన 3 పనిదినాల్లో చెబితే నష్టం మీమీద పడదు. కాబట్టి ముందు నంబరు సరిచేయించండి. పంపిన మెసేజీల లెక్కనే చార్జీ తీసుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2013లోనే చెప్పింది. ఒక్క లావాదేవీ లేని మూడు నెలలకూ నిండు 15 కోస్తే ఆ మాటే రాసి అడగండి.

ఆ... ఏటా పోయే 20, 436 చూసి కంగారు పడేరు! అవి ప్రధానమంత్రి బీమా ప్రీమియంలు. అవి ఆపితే బీమా పోతుంది.

30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు, 14448కి ఫోన్ చేసి వివరాలు అడగొచ్చు. పాస్‌బుక్కులు తెచ్చినవాళ్లు అలా పక్కకు రండి, కాఫీలు వచ్చేలోపు చూద్దాం.