పట్టికల వరుస వద్దు, ప్రశ్నల వరుస కావాలి

వేదిక మీది పెద్దలకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం. నాకిచ్చింది పావుగంటే, అందుకని నేరుగా మీ సిద్ధాంత గ్రంథంలో సర్వే ఫలితాలు రాసే నాలుగో అధ్యాయంలోకి వస్తాను.

పట్టిక 4.1 వయసు, 4.2 చదువు, 4.3 కమతం. ప్రతిదాని కిందా "పై పట్టికను బట్టి తెలియునదేమనగా" అని మొదలుపెట్టి, పట్టికలో ఉన్న అంకెల్నే మళ్లీ వాక్యంగా రాస్తారు. ఇలా 4.32 దాకా! ఫారంలో ప్రశ్నలున్న వరుసే షీట్‌లో కాలమ్‌ల వరుస అయింది, అదే అధ్యాయమైంది. ఫారం వరుస జవాబిచ్చేవాళ్ల సౌకర్యానికి పెట్టుకున్నది. చదివేవాడికి దానితో ఏం పని?

ఒక ఊహా సర్వే తీసుకుందాం. 120 మంది రైతులు, విషయం డ్రిప్. మొదటి అధ్యాయంలో మీరు రెండు ప్రశ్నలు వేసుకున్నారు: శిక్షణకు వెళ్లినవాళ్లు డ్రిప్ ఎక్కువగా వేశారా? వేయనివాళ్లు ఎందుకు వేయలేదు?

ముందు కొత్త షీట్ తెరవండి. ఎడమ కాలమ్‌లో పరిశోధన ప్రశ్న, పక్కన దానికి జవాబిచ్చే కాలమ్‌లు, ఆ పక్కన ఎంతమందిని అడిగారో రాయండి. ఏ ప్రశ్న కిందా చేరని కాలమ్‌లు కొన్ని మిగులుతాయి. వాటిలో నమూనా ఎలాంటిదో చెప్పేవి అధ్యాయం మొదట్లో ఒక్క పేరాలోకి, తక్కినవి అనుబంధంలోకి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. శిక్షణ పట్టిక 48 మంది వెళ్లారంటుంది, డ్రిప్ పట్టిక 54 మంది వేశారంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టినా జవాబు రాదు. రెండు కాలమ్‌లను కలిపి లెక్కించాలి. శిక్షణ G కాలమ్‌లో, డ్రిప్ S కాలమ్‌లో ఉన్నాయనుకుంటే:

```
=COUNTIFS(G2:G121,"అవును",S2:S121,"అవును")
```

36 వచ్చిందనుకోండి. శిక్షణకు వెళ్లిన 48 మందిలో 36 అంటే 75 శాతం. వెళ్లని 72 మందిలో మిగతా 18, అంటే 25 శాతం. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే: 36ను 54తో భాగించి 66.7 శాతం అని రాస్తారు. అది డ్రిప్ వేసినవాళ్లలో శిక్షణకు వెళ్లినవాళ్ల వాటా. మీరడిగింది అది కాదు కదా!

పేరా మొదటి వాక్యం జవాబే కావాలి: "శిక్షణకు వెళ్లినవారిలో 75 శాతం డ్రిప్ వేయగా, వెళ్లనివారిలో 25 శాతమే వేశారు (పట్టిక 4.2)." పట్టిక సంఖ్య వాక్యం చివర బ్రాకెట్‌లో సాక్ష్యంగా ఉంటే చాలు. "శిక్షణ వల్లే" అని మాత్రం రాయకండి. పెద్ద కమతం ఉన్నవాళ్లే శిక్షణకూ వెళ్లి ఉండొచ్చు. కమతం కాలమ్ అనుబంధంలోకి పోకుండా ఈ ప్రశ్న కిందికి వచ్చేది అందుకే.

రెండో ప్రశ్న డ్రిప్ వేయని 66 మందినే అడిగారు. "మొదటి ఖర్చు" అన్నవాళ్లు 33 అయితే అది 50 శాతం. ఖాళీ గడుల్నీ కలిపి 120తో భాగిస్తే 27.5కు పడిపోతుంది. పైగా ఒకరు రెండు మూడు కారణాలు టిక్ పెట్టుంటే గూగుల్ ఫారమ్స్ వాటిని కామాలతో ఒకే గడిలో పడేస్తుంది. అప్పుడు మామూలు పివట్ టేబుల్ "ఖర్చు, కరెంటు" అన్న జంటను వేరే కారణంగా లెక్కిస్తుంది. ఒక్కో కారణానికి ఒక్కో కాలమ్ చేసి లెక్కించండి. మొత్తం 100 దాటుతుంది, ఎందుకో పట్టిక కింద ఒక్క ముక్క రాయండి.

పట్టికల నంబర్లు అన్నిటికన్నా చివర వేయండి.