పెయింట్ పలచన చూసే మూడు కప్పులు: ఏది పనికొచ్చింది, ఏది మోసం చేసింది

నమస్కారమండీ. మహారాష్ట్రలోని సిరోంచ నుంచి మాట్లాడుతున్నాను. నాది గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు. రంగు కూడా మేమే గన్‌తో కొడతాం. పోయినసారి వీడియో కింద చాలామంది అడిగారు, "అన్నా, థిన్నర్ ఎంత కలపాలి?" అని. లీటరుకి ఇంత అని చెబితే మీకు నష్టం, నాకు తిట్లు. అందుకే ఈ రోజు అడుగున బెజ్జం ఉన్న మూడు కప్పులు పెట్టుకుని కూర్చున్నాను. నిండా పోసిన పెయింట్ ఆ బెజ్జంలోంచి కారడానికి ఎన్ని ఎక్కువ సెకన్లు పడితే అంత చిక్కగా ఉన్నట్టు.

ఇదిగో, మొదటిది ప్లాస్టిక్ కప్పు. స్ప్రే గన్ కొంటే డబ్బాలో ఉచితంగా వచ్చింది. రెండోది అల్యూమినియం ఫోర్డ్ కప్పు. దీన్ని షాపులో బి4 అని అడగాలి. మన దగ్గర పెయింట్ కంపెనీలు తమ కాగితాల మీద సెకన్లు రాసేటప్పుడు మామూలుగా ఈ కప్పు పేరు, 30 డిగ్రీలు అని రాస్తాయి. మూడోది మా ఇంటి స్టీలు గ్లాసు. అడుగున 4 మిల్లీమీటర్ల బిట్‌తో నేనే బెజ్జం వేశాను. ఈ సంగతి ఇంట్లో ఇంకా తెలియదు.

ముందు కొలిచే పద్ధతి చూపిస్తాను. ఇక్కడే సగం మంది తప్పు చేస్తారు. పెయింట్‌ని అడుగు దాకా బాగా కలిపి, పలచటి గుడ్డతో వడగట్టండి. చిన్న ఎండు పెచ్చు బెజ్జంలో ఇరుక్కుంటే లెక్క మొత్తం పోతుంది. కప్పుని స్టాండ్‌లో వంకర లేకుండా పెట్టి, కింద బెజ్జానికి వేలు అడ్డం పెట్టి, అంచు పొంగేదాకా పోయండి. పైన గాజు ముక్కతో అడ్డంగా గీస్తే ఎక్కువైంది పోతుంది, నురగా పోతుంది. ఇప్పుడు వేలు తీయడం, వాచ్ నొక్కడం ఒకేసారి. ధార సన్నగా దారంలా దిగుతుంది. ఆ దారం మొదటిసారి తెగిన క్షణం వాచ్ ఆపాలి. చివరి చుక్క దాకా ఆగకూడదు. చుక్కలు ఎంతసేపైనా పడతాయి, వాటికి లెక్క లేదు. రెండుసార్లు కొలవండి. 28, 29 వస్తే సరే. 28, 34 వచ్చిందంటే పెయింట్ సరిగా కలవలేదు, లేదా మీ వేలు ఆలస్యమైంది.

ఇప్పుడు పోటీ. ఒకే ఆకుపచ్చ ఎనామెల్, ఒకే మధ్యాహ్నం, థర్మామీటర్ 30 చూపిస్తోంది. బి4లో డబ్బాలోంచి తీసిన పెయింట్ 110 సెకన్లు పట్టింది. లీటరుకి 200 మిల్లీలీటర్ల థిన్నర్ పోశాక 28కి దిగింది. ఉత్త నీళ్లు పోస్తే 10. ప్లాస్టిక్ కప్పులో అదే వరుసలో 75, 20, 8 వచ్చాయి.

మరి మా గ్లాసు? గట్టి పెయింట్ 60, కలిపింది 42, నీళ్లు 38. ఈ చివరి రెండూ చూశారా? నీళ్లకీ గన్‌లో పోసే పెయింట్‌కీ తేడా నాలుగు సెకన్లే! చేత్తో వాచ్ నొక్కే మనిషికి నాలుగు సెకన్లంటే అందులో ఒకటి పొరపాటుకే పోతుంది.

నేనూ మొదట బెజ్జం సైజు తప్పేమో అనుకున్నాను. తప్పు సైజుది కాదు, పొడవుది. గ్లాసు రేకు కాగితమంత పలచన. పెయింట్ ఆ బెజ్జం అంచు తాకిందో లేదో బయటపడిపోతుంది, రాసుకుని జారడానికి గోడే లేదు. బరువుతో దూకేస్తుంది, చిక్కదనం అడ్డుపడే అవకాశమే ఉండదు. బి4 కింద చూడండి, బెజ్జం చిన్న గొట్టంలా ఉంది. పెయింట్ ఆ గోడలని రాసుకుంటూ దిగాలి. చిక్కగా ఉంటే అక్కడ నెమ్మదిస్తుంది. సెకన్లలో కనపడేది ఆ రాపిడే. కాబట్టి రేకు డబ్బాకి మేకుతో బెజ్జం కొట్టి వాడేవాళ్లు, అది టైమ్ చూపిస్తుంది గానీ చిక్కదనం దాదాపు చూపించదని తెలుసుకోండి. బి4లో కూడా 20 సెకన్ల కంటే తక్కువ వచ్చినప్పుడు ఇదే గొడవ. అక్కడ ఒకటి రెండు సెకన్ల తేడాని చిక్కదనం తేడా అనుకోకండి.

ప్లాస్టిక్ కప్పు మోసగాడు కాదు. కానీ దాని సెకన్లు దానివే. గన్‌తో వచ్చిన కాగితంలో "20 నుంచి 25 సెకన్లు" అని ఉంది, ఏ కప్పులో అన్నది లేదు. నేను బి4 కొన్న కొత్తలో అదే 20 పట్టుకుని, అందులో 20 వచ్చేదాకా థిన్నర్ పోశాను. రంగు గేటు మీద ఆగలేదు, కన్నీళ్లలా కారింది. ప్లాస్టిక్ కప్పులో 20 అంటే బి4లో 28 అని ఇప్పుడు మీరే చూశారు. అదీ ఈ రెండు కప్పులకే, ఈ పెయింట్‌కే.

ఇక నా జేబు చిల్లు పెట్టిన అసలు సంగతి వేడి. జనవరిలో ఒక భావూకి పెద్ద గేటు చేశాం. ముందు రోజు మధ్యాహ్నం 28 సెకన్లకి కలిపి, మూత గట్టిగా పెట్టి ఉంచాను. పొద్దున ఏడింటికి మా తమ్ముడు కొలిచాడు. "అన్నా, 40 వస్తోంది, థిన్నర్ ఎగిరిపోయినట్టుంది" అన్నాడు. నేను కూడా తల ఊపాను. ఇంకో 80 మిల్లీలీటర్లు పోసి 28కి తెచ్చాం. గేటు ఒక వైపు అయిపోయింది. పదకొండింటికి ఎండెక్కాక రెండో వైపు మొదలుపెడితే, నిలువు కమ్మీల మీద రంగు తెరలు తెరలుగా జారింది.

థిన్నర్ ఎక్కడికీ ఎగరలేదు. మూత గట్టిగానే ఉంది. పొద్దున షాపులో 17 డిగ్రీలు, పెయింట్ చలికి చిక్కబడింది, అంతే. వేడెక్కితే తనే 28కి వచ్చేది. మేము పోసిన థిన్నర్ మాత్రం వెనక్కి తీయలేం కదా. ఆ గేటు గీకి మళ్లీ కొట్టాం, కూలి మాదే.

ఇప్పుడు చలిలో ఏం చేస్తానంటే, డబ్బాని గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో పెట్టి, 30 దగ్గరికి వచ్చాక కలిపి అప్పుడే కొలుస్తాను. పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి, థిన్నర్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. మే నెలలో లెక్క తిరగబడుతుంది. 42 డిగ్రీల్లో కొలిచి "పలచగానే ఉంది" అని సంతోషపడితే, అది వేడి చూపించిన పలచన, థిన్నర్ చూపించింది కాదు.

గోడ ఎమల్షన్ గురించి కూడా అడుగుతున్నారు. దానికి ఈ కప్పు వద్దు. అది పెరుగులాంటిది. కలిపితే జారుతుంది, కదపకుండా ఉంచితే బిగుసుకుంటుంది. కలిపిన వెంటనే ఒక లెక్క, ఐదు నిమిషాలకి ఇంకో లెక్క వస్తుంది. రెండింట్లో దేన్ని నమ్ముతారు?

కప్పు కడగడం చివరి ముక్క. వాడిన వెంటనే థిన్నర్, మెత్తని బ్రష్. బెజ్జంలో తీగ, పిన్ను పెట్టి గీకితే గోడ గీతలు పడుతుంది, బెజ్జం పెద్దదవుతుంది. కడగకుండా వదిలేస్తే లోపల పొర కడుతుంది. చుట్టూ 0.1 మిల్లీమీటరు పొర అంటే 4 ఉన్న బెజ్జం 3.8 అవుతుంది, చిక్కటి పెయింట్‌లో సెకన్లు 20 శాతం దాకా పెరగొచ్చు. అందుకే నెలకోసారి నీళ్లు పోసి చూస్తాను. నా కప్పుకి 10 రావాలి. 11 దాటితే థిన్నర్‌లో నానబెడతాను.

నా మాట: వారానికి ఒక్క గేటు కొట్టేవాళ్లకి ప్లాస్టిక్ కప్పు చాలు, కానీ మీ గన్ బాగా కొట్టిన రోజు ఎన్ని సెకన్లు వచ్చిందో, అప్పుడు వేడి ఎంతో డబ్బా మూత మీద రాసుకోండి. నా మూత మీద ఇదిగో: "ఆకుపచ్చ, బి4, 28, 30 డిగ్రీలు". రోజూ కొట్టేవాళ్లు బి4 కొనండి. గ్లాసు సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో ఎవరైనా కామెంట్‌లో రాయండి.