పక్క బ్యారక్ వైపు చూపు

శ్రోతలకు నమస్కారం. ఫలానా దేశంలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసిందని వార్త వస్తే, తుపాకులు చేతిలో ఉన్నవాళ్లను ఎవరు ఆపగలరు అనుకుంటాం. కానీ దాదాపు అన్ని దేశాల్లోనూ తుపాకులు సైన్యం దగ్గరే ఉన్నాయి. తిరుగుబాటుకు అసలు అడ్డంకి సైన్యంలోనే ఉంటుంది. ఒక కమాండర్ ముందడుగు వేస్తే మిగతావాళ్లు కలిసివస్తారా? వస్తే అతను పాలకుడు, రాకపోతే దేశద్రోహి. అందుకే ప్రతి ఒక్కరూ పక్కవాడేం చేస్తాడా అని చూస్తారు.

1981 ఫిబ్రవరి 23న స్పెయిన్‌లో ఇదే జరిగింది. నియంత జనరల్ ఫ్రాంకో చనిపోయి ఆరేళ్లు కూడా కాలేదు. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఎత్తేసినందుకు చాలామంది అధికారులు రగిలిపోతున్నారు. పైగా ఎటా అనే సాయుధ సంస్థ సైనికాధికారులనే చంపుతోంది. ఈ నాయకులకు చేతకావడం లేదు, దేశాన్ని మేమే కాపాడాలి అన్న నమ్మకం అక్కడ బలపడింది.

ఆ సాయంత్రం మాడ్రిడ్ పార్లమెంటులో కొత్త ప్రధాని ఎన్నికకు ఓటింగ్ నడుస్తోంది. లెఫ్టినెంట్ కర్నల్ తెహేరో, సుమారు 200 మంది సివిల్ గార్డులతో, అంటే సైనిక తరహా పోలీసులతో, లోపలికి దూసుకొచ్చాడు. పైకప్పు వైపు కాల్పులు జరిగాయి. సభ్యుల్లో దాదాపు అందరూ బల్లల కింద దాక్కున్నారు. కానీ ఉపప్రధాని గుటియెరెజ్ మెయాదో, స్వయంగా ఆర్మీ జనరల్, 68 ఏళ్ల మనిషి, లేచి వెళ్లి వాళ్లను నిలదీశాడు. కింద పడేయబోయినా పడలేదు. ఆ దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అదే సమయంలో వాలెన్సియాలో జనరల్ మిలాన్స్ డెల్ బోష్ ట్యాంకులను వీధుల్లోకి దింపాడు. మిగతా ప్రాంతాల్లో పెద్ద జనరల్స్ వేచి చూశారు. రాజు మనవైపే ఉన్నారని కుట్రదారులు చెప్పుకున్నారు. ఆ మాట నిలబడి ఉంటే ఆ రాత్రి కథ వేరేలా ఉండేదేమో. రాజు హువాన్ కార్లోస్ జనరల్స్‌తో ఒక్కొక్కరితో ఫోన్‌లో మాట్లాడారు. అర్ధరాత్రి దాటాక, ఒంటిగంట తర్వాత, సర్వసేనాని యూనిఫాంలో టీవీలో కనిపించి రాజ్యాంగం పక్షాన నిలబడ్డారు. అప్పుడు మాత్రమే ప్రతి జనరల్‌కూ పక్కవాడు కదలడని తేలిపోయింది. తెల్లవారకముందే వాలెన్సియాలో ట్యాంకులు వెనక్కి వెళ్లాయి, మధ్యాహ్నానికి తెహేరో లొంగిపోయాడు. తిరుగుబాటుదారులు ముందుగా టీవీ, రేడియో కేంద్రాలను పట్టుకోవాలనుకునేది ఇందుకే. ఆ రాత్రి జనం రేడియోలకు అతుక్కుపోయారు. స్పెయిన్‌లో దాన్ని ట్రాన్సిస్టర్ల రాత్రి అంటారు.

విచారణ మొదట సైనిక న్యాయస్థానంలోనే జరిగింది. కుట్రలో కీలకమైన జనరల్ అర్మాదాకు అక్కడ పడింది ఆరేళ్ల శిక్ష మాత్రమే. ప్రభుత్వం అప్పీలు చేసింది. పౌర న్యాయమూర్తులున్న సుప్రీంకోర్టు 1983లో దాన్ని 30 ఏళ్లకు పెంచింది.